రాహేలు కాళ్లకు అందిన బండి

నాచారం మిషన్ దవాఖానా నర్సు రాహేలు గురించి రాయాలంటే ముందు మా కమిటీ గురించి రాయాలి. తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. కమిటీ అంటే ముగ్గురం. సెక్రటరీ కృపానందం రైల్వేలో గార్డు. ఆరడుగుల మనిషి. ఎక్కడ నిలబడ్డా ఫోటో తీయించుకుంటున్నట్టే నిలబడతాడు. రెండోవాడు అబ్బయ్య, కోశాధికారి. సెక్రటరీ ఏమన్నా తలూపడం ఆయన ఉద్యోగం. మూడోవాణ్ణి నేను, బడిపంతుల్ని, మినిట్స్ పుస్తకం రాసేవాణ్ణి. తలూపడంలో నేనూ ఏం తక్కువ తినలేదు.

రాహేలు జనగామ వైపు నుంచి వచ్చిన మనిషి. ఎత్తు నాలుగడుగుల తొమ్మిది అంగుళాలు. మందుల బీరువా పై అర అందక ఎప్పుడూ ఒక పీట దగ్గర పెట్టుకునేది. ఆ పీటను చూసి కృపానందం నవ్వని రోజు లేదు. అదే మనిషి తన కన్నా రెండింతలున్న బాలింతలను మంచం మీంచి లేపి కూచోబెట్టడం ఆయన ఎప్పుడూ చూడలేదు. మందుల గది దాటి లోపలికి వస్తే కదా చూడ్డానికి.

డెబ్బై నాలుగులో, ఉప్పల్, మల్లాపూర్, ఇంకా లోపలి పల్లెలకు తిరిగి కాన్పులు, టీకాలు చూసే నర్సు కావాలనుకున్నాం. అప్పటిదాకా రాహేలు ఆ ఊళ్లకు బస్సులో, బస్సు లేకపోతే నడిచి వెళ్లేది. తనే అడిగింది.

“బండి ఇప్పించున్రి సార్. నేర్చుకుంట. నేను వొయ్యేలోపల పిల్లలు పుట్టి బొడ్డు మురికి కత్తితోని కోస్తున్రు.”

కమిటీ ఒప్పుకుంది. అయితే ఒక షరతు. బండి నడపలేకపోతే ఆ పని మగ కంపౌండరుకు పోతుంది, రాహేలు మళ్లీ పీట ఎక్కి మందులు తీసి ఇవ్వాలి. ఆ షరతు పెట్టింది కృపానందం. పుస్తకంలో ఎక్కించింది నేను.

బండి ఎక్కడిదంటే, కృపానందానికి కొత్త స్కూటర్ వంతు అప్పుడే వచ్చింది. డబ్బు కట్టి ఐదేళ్లు ఎదురుచూస్తే వచ్చిన వంతు. పాత లాంబ్రెట్టాను దవాఖానాకు దానమిస్తానన్నాడు. బండి మంచిదే, ఆయన లాంటివాడికి. పొడుగ్గా, బరువుగా ఉండేది. మీద ఆయన ప్రత్యేకంగా కుట్టించుకున్న పొడవాటి సీటు, లోపల రెండంగుళాల స్పాంజి. దానం రోజునే ముందు భాగం మీద ఎర్ర రంగుతో తన పేరు రాయించాడు. దేవుడు చదువుకోవడానికి అనుకుంటాను.

ఆ రోజు పరీక్ష కూడా జరిగింది. ఆ పరీక్షను తలుచుకుంటే నవ్వాలో ఏడవాలో తెలియదు. చర్చి ముందు బండిని స్టాండు మీద నిలబెట్టారు. రాహేలును ఎక్కి కూచోమన్నారు. స్టాండు మీద ఉన్న బండి ఎటూ పడదు కదా. కాళ్లు ముందు పలక మీద పెట్టుకుని, హ్యాండిల్ పట్టుకుని కూచుంది. ఫోటోగ్రాఫరు టక్కున తీశాడు.

“సూడున్రి, ఎంత ఫిట్టుగ ఉన్నదో!” అన్నాడు కృపానందం.

“మస్తుంది,” అన్నాడు అబ్బయ్య.

“కాళ్లు కింద పెట్టి సూస్త సార్ ఒక్కసారి,” అంది రాహేలు.

“కాళ్లు కింద వెట్టుడేందమ్మా? స్కూటర్ అంటే కాళ్లు మీద వెట్టుకునేదే,” అన్నాడు ఆయన. అందరం నవ్వాం. నేను ఇంకాస్త ఎక్కువగానే నవ్వాను.

వీధిలో నడపడం ఆమె రెండు వారాల్లో నేర్చుకుంది. కదులుతున్న బండి మీద పొట్టీ పొడుగూ ఏమీ లేదు. తంటా అంతా ఆగినప్పుడు. చదునైన నేల మీద ఎడమ బొటనవేలు ఆనించి, బండిని ఒక పక్కకు వంచి ఎలాగో నెట్టుకొచ్చేది. మూడో వారంలో నాచారం నుంచి ఉప్పల్ వెళుతుంటే ఎదురుగా లారీ అడ్డొచ్చింది. రోడ్డు అంచు దగ్గర ఆపింది. నేల ఒక జానెడు పల్లంగా ఉంది. కాలు కిందికి చాపింది, అందలేదు. వెనక కట్టిన మందుల పెట్టెతో సహా బండి పడిపోయింది. టీకా సీసాలు నలభై పగిలాయి. మోకాలు చీరుకుపోయింది. బండిని లేపుదామంటే లేవలేదు. లారీ డ్రైవరు దిగి లేపిచ్చాడు.

సాయంత్రం కమిటీ కూచుంది. కృపానందం మొహంలో జాలి లేదు, సంతోషం మాత్రం దాచుకోలేకపోయాడు.

“నేను ముందే అన్న. ఆడమనిషికి బండి కుదరదని. ఫోటోల గట్ల మంచిగనే ఉండె మరి.”

“అవునవును,” అన్నాడు అబ్బయ్య.

నెల రోజుల గడువిచ్చారు. అప్పటికి సరిగ్గా నడపకపోతే కంపౌండరు వస్తాడు. రాహేలు “అసమర్థురాలు” అని పుస్తకంలో రాయమన్నాడు కృపానందం. గుండ్రటి అక్షరాలతో రాశాను. అక్షరాలు బాగున్నాయని అబ్బయ్య మెచ్చుకున్నాడు కూడా.

సొట్టపడిన బండిని ఉప్పల్ చౌరస్తాలో మెకానిక్ ఉమాపతి దగ్గరికి తోసుకెళ్లే పని నామీద పడింది. రాహేలు కూడా వచ్చింది. ఉమాపతి చేతులు కిరసనాయిలుతో కడుక్కుంటూ బండిని కాదు, ఆమెను చూశాడు.

“ఎవలిచ్చిన్రు అక్కా నీకు గీ బండి?”

“కమిటోళ్లు. మంచిగ సూసే ఇచ్చిన్రట తమ్మీ.”

“ఎట్ల సూసిన్రు?”

“స్టాండు మీద కూసోవెట్టి, ఫోటో దీసి.”

ఉమాపతి నా వైపు ఒకసారి చూశాడు. ముప్పై ఏళ్లు పిల్లలకు లెక్కలు చెప్పినవాణ్ణి, ఆ చూపు ముందు నిలబడలేక టీ తాగే నెపంతో పక్కకు జరిగాను. కానీ చెవులు అక్కడే ఉన్నాయి.

“స్టాండు మీద గాడిదైనా కూసుంటది,” అన్నాడు. “బండి ఎత్తు ఒక్కటే సూస్తే గాదు అక్కా. సీటు ఎంత వెడల్పుందో సూడాలె. సీటు వెడల్పుంటే తొడలు పక్కలకు వోతయ్, కాలు పొట్టిదైతది. కాళ్లు వెట్టే పలక వెడల్పుంటే అది గూడ అడ్డమే. ఎత్తు ఒక్కటే ఉన్నా రెండు బండ్లకు తేడా గిట్లనే వస్తది.”

మూలన ఒక పాత వెస్పా ఉంది. చిన్న చక్రాలది, కాస్త తేలిక. ఎవరో అమ్మిపెట్టమని వదిలిపోయారట. దాని పొడుగు సీటు ఊడదీసి, అటక మీంచి ఒక పాత ఒంటి సీటు తెచ్చి బిగించాడు. ముందు మొన సన్నగా ఉండే సీటు.

“నీవు దినాం ఏసుకునే చెప్పులేనా ఇవి?”

“ఇవే.”

“గట్లయితే ఎక్కు. స్టాండు మీదికెల్లి నేను దించిన. నేను వట్టుకుంట, నువ్వు రెండు కాళ్లు ఒక్కసారే కింద వెట్టు.”

రెండు పాదాలూ ముందు భాగం దాకా నేలకానాయి. మడమలు కొంచెం పైకి లేచాయి. ఎడమ కాలొక్కటే పెడితే పూర్తిగా ఆనింది.

“కుడి కాలు బ్రేకు మీదనే ఉండాలె, ఎడమది నేల మీద. దీని ఇంజను కుడిదిక్కున ఉంటది అక్కా, బరువు అటే గుంజుతది. ఆగేటప్పుడు జర ఎడమకే వంగు. కుడికి పోనిస్తే నీతోని కాదు, నాతోని గూడ కాదు.”

ఆమె ఎక్కి దిగింది, ఎక్కి దిగింది. తర్వాత ఉమాపతి టాంకు నిండా పెట్రోలు పోయించాడు. మందుల పెట్టె వెనక కట్టించాడు. ఖాళీ బండిని నిలబెట్టడం ఒకటి, నిండు బండిని నిలబెట్టడం ఒకటి అన్నాడు. షాపు ముందరి ఏటవాలు మీద ఆపించాడు, వెనక్కి తోయించాడు, స్టాండు మీదికి ఎక్కించమన్నాడు. చేత్తో పైకి లాగడం కాదు, పాదంతో స్టాండు మీద బరువు వేసి బండిని వెనక్కి దొర్లించడమని చూపించాడు. ఆఖరికి బండిని ఎడమ పక్కకు నేల మీద పడుకోబెట్టేశాడు.

“ఇప్పుడు లేపు. లేపొస్తేనే బండి నీది.”

పెట్రోలు నల్లా మూయించాడు. బండి దొర్లకుండా గేరు వేయించాడు. హ్యాండిల్ తిప్పి, కిందికంటా కూచుని, నడుముతో కాదు మోకాళ్లతో లేవమన్నాడు. మొదటిసారి రాలేదు. రెండోసారి రాలేదు. మూడోసారి ఆమె ఒక్క క్షణం ఆగి, “బాలింతను లేపినట్టే గదా,” అంది. బండి లేచి నిలబడింది. నాకు సిగ్గేసింది. ఆ మాట దాచుకోవలసిన పని లేదు.

గడువు రోజున చర్చి ముందు కమిటీ మళ్లీ కూచుంది. కృపానందం ఇస్త్రీ చేసిన తెల్ల పాంటులో వచ్చాడు. రాహేలు వెస్పా మీద వచ్చి ఆగింది. ఎడమ కాలు నేల మీద, కుడి కాలు బ్రేకు మీద. ఉమాపతి సొట్ట తీసిన లాంబ్రెట్టాను నడిపించుకుంటూ వెనక వచ్చాడు. ఆ బండి తీసుకుని ఈ బండి ఇస్తాడట, ఒకదానికొకటి; అది అమ్మిన డబ్బు వెస్పా సొంతదారుకట.

“నేనిచ్చిన బండి ఎందుకు కాదు?” కృపానందం గొంతు లేచింది. “దాని మీద నా పేరుంది.”

“దాన్ని నేను లేపలేను సార్.”

“లేపుడు ఏం పెద్ద పని? చాతగాక వంకలు!”

“గట్లనా సార్,” అంది రాహేలు. ఉమాపతి వైపు చూసింది. అతను లాంబ్రెట్టాను మెల్లగా నేల మీద పడుకోబెట్టాడు. “మీరు లేపున్రి. మీ బండే కదా.”

వాకిట్లో ఇరవై మంది దాకా ఉన్నారు. వెనక్కి తగ్గే దారి లేదు. ఆరడుగుల మనిషి నడుం వంచి హ్యాండిల్ పట్టి గుంజాడు. ముందు చక్రం తిరిగింది, బండి జానెడు జరిగి మళ్లీ అక్కడే పడుకుంది. పెట్రోలు కారి తెల్ల పాంటు మీద పడింది. రెండోసారి గుంజితే నడుం పట్టుకుంది. “అబ్బా” అని నిలబడిపోయాడు. పదేళ్లు ఆ బండి నడిపిన మనిషి దాన్ని ఒక్కసారి కూడా నేల మీంచి లేపి ఎరగడు. అబ్బయ్య అలవాటుగా తలూపబోయి, దేనికి ఊపాలో తెలియక ఆపేశాడు.

రాహేలు తన వెస్పాను ఎడమ పక్కకు పడుకోబెట్టింది. నల్లా మూసింది, గేరు వేసింది, కూచుంది, లేచింది. బండి ఆమెతో పాటు లేచింది. ఆడవాళ్లలో ఎవరో చప్పట్లు కొట్టారు.

కంపౌండరు మాట మళ్లీ ఎవరూ ఎత్తలేదు. కృపానందం కుర్చీలో కూలబడి నడుం రుద్దుకుంటూ నన్ను పిలిచాడు. “రాయున్రి పంతులూ. సెక్రటరీ సలహా ప్రకారం అనువైన బండిని ఎంపిక చేసి, సెక్రటరీ పర్యవేక్షణలో పరీక్షించడమైనది. రాహేలును పల్లెల పనికి నియమించడమైనది. కొత్త బండి మీద గూడ నా పేరు రాయించాలె.”

నేను రాహేలు వైపు చూశాను. ఆమె చేతులు దులుపుకుంటూ నిలబడింది.

“రాయున్రి సార్,” అంది నాతో. “పేరు ఎంత పెద్దగనన్న రాసుకొమ్మను. నాకు కాళ్లు నేలకు అందితే సాలు.”

మందుల పెట్టె తాడు బిగించి చూసుకుని ఉప్పల్ వైపు వెళ్లిపోయింది. అక్కడ ఎవరికో నొప్పులు మొదలయ్యాయట. నేను పుస్తకం తెరిచి, గుండ్రటి అక్షరాలతో, ఆయన చెప్పినదంతా రాశాను.