ఏడు ముక్కలు, పన్నెండు ముక్కలు

జల్‌పల్లిలో ఉండే సలీమా వారమంతా మగ్గం ముందు కూర్చుని చీరలకు జరీ పని చేస్తుంది. ఆదివారం ఆటో ఎక్కి ఫలక్‌నుమాలో పెద్దవాళ్లకు పెట్టే ఓపెన్ స్కూలు తరగతికి వస్తుంది. చిన్నప్పుడు ఆగిపోయిన చదువు ఇప్పుడైనా గట్టెక్కాలని ఆమె పంతం. పోయిన ఏడాది మిగతావన్నీ పాసై లెక్కల్లో తప్పింది.

ఆ ఆదివారం కూడా భిన్నాలే. కేకులో మూడో వంతు, నాలుగో వంతు కలిపితే ఎంత? సలీమా పైవి కలిపింది, కిందివి కలిపింది. ఏడింట రెండు అని రాసింది. పాఠం చెప్పే గోదా మేడమ్ తప్పన్నారు. కసాగు, అంటే కనిష్ఠ సామాన్య గుణిజం అంటూ బోర్డు నిండా రాశారు. సలీమాకు ఒక్క ముక్కా ఎక్కలేదు. పలక విసిరేసి పోదామన్నంత విసుగొచ్చింది.

"మీరు చెప్తుంటే గట్లనే అనిపిస్తది మేడమ్. ఇంటికి పోతే ఏం యాదుండది. ఒకటి, ఒకటి కలిపితే రెండు కాదా?"

గోదా సందు చివరి బేకరీకి పోయి, పొడవాటి సాదా కేకు తెచ్చి కత్తి సలీమా చేతికిచ్చారు. మూడో వంతు కోయమన్నారు. సలీమా నిలువుగా రెండు గాట్లు పెట్టింది. మూడు పట్టీలయ్యాయి. ఒక పట్టీ మూడో వంతు. మరి ఇదే కేకులో నాలుగో వంతు ఎక్కడుందని గోదా అడిగారు. ఆ పట్టీల్లో అది దొరకలేదు. సలీమా విసురుగా అడ్డంగా మూడు గాట్లు పెట్టింది. కేకంతా ఒకే కొలత ముక్కలైంది. లెక్కపెడితే పన్నెండు.

నిలువు పట్టీలో నాలుగు ముక్కలున్నాయి. అడ్డ వరుసలో మూడు. పట్టీ, వరుస కలిసే చోటి ముక్కను రెండుసార్లు లెక్కపెట్టొద్దని, దాని బదులు ఇంకోటి తీసుకొమ్మని గోదా చెప్పారు. సలీమా నాలుగు ఒక పక్కకు, ఇంకో మూడు మరో పక్కకు తీసిపెట్టింది.

"ఏడు," అంది. "పన్నెండింట్ల ఏడు." మళ్లీ తన రాతకేసి చూసి మొహం ముడిచింది. "ఏడింట రెండంటే ఆరింట రెండు కన్న తక్కువనే కదా. ఆరింట రెండంటేనే మూడో వంతు. కలిపినంక తగ్గిందన్నట్టు. గీ మాట ముందే చెప్పొద్దా?"

అవును, చెప్పలేదని గోదా ఒప్పుకున్నారు. తోటివాళ్లు కేకు తినేశారు. వెంటనే సగం, అయిదో వంతు కలపమన్నారు మేడమ్. సలీమా కాగితం మీద అలవాటుగా పన్నెండు గళ్లు గీసింది. సగం ఆరొచ్చింది, అయిదో వంతు మాత్రం రానే లేదు. పెన్సిలు మొన విరిగింది. కాగితం నలిపేసి ఇంకోటి తీసుకుంది. చాలాసేపు దాన్నే చూసి, నిలువుగా రెండు, అడ్డంగా అయిదు భాగాలు చేసింది. పది గళ్లు. అయిదు, రెండు. పదింట ఏడు.

సరే అన్నారు గోదా. సలీమా నవ్వలేదు. ప్రతిసారి గళ్లు మారుతుంటే పరీక్షలో ఎంత సమయం పడుతుందో అనుకుంటూ ఆటో కోసం బయటికి నడిచింది.