తొంభై ఏడో పేజీ తర్వాత

గుంటూరుకు పాతిక కిలోమీటర్ల దూరంలో, ఒక పక్క పత్తి చేలు, ఇంకో పక్క మిరప చేలు, మధ్యలో మేము అన్నట్టుండే ఒక ప్రైవేటు హైస్కూల్లో నేను పద్దెనిమిదేళ్లు లైబ్రేరియన్‌గా పనిచేసి, యాభై రెండో ఏట స్వచ్ఛందంగా విరమించుకున్నాను. ఇప్పుడు చెప్పబోయేది ఆఖరి సంవత్సరాల్లో ఒక నవంబరు, రెండో సోమవారం, ఉదయం తొమ్మిదింబావుకు జరిగింది. పఠన వారం ప్రారంభం సందర్భంగా నేను అసెంబ్లీలో నాలుగు నిమిషాలు మాట్లాడాలి. విషయం: అలవాటైన రుచి వదిలి వేరే రకం నవల ఒకటి చదివి చూడండి.

నాలుగు నిమిషాలేగా అనుకోవద్దు. ఆ నాలుగు నిమిషాల మీద నా గది ఆధారపడి ఉంది. స్కూలు యజమాని, అంటే మా భాషలో కరస్పాండెంటు, వెంకట్రామయ్య గారు అంతకు ముందు శుక్రవారమే తేల్చి చెప్పారు. లైబ్రరీ పీరియడ్ల స్థానంలో ఫౌండేషన్ లెక్కల క్లాసులు పెట్టాలని ఆయన ఆలోచన. పుస్తకాలు మెట్ల కింద గదిలోకి, నేను ఆఫీసులో ఆన్‌లైన్ దరఖాస్తులు నింపే కుర్చీలోకి. "ఏమండీ మాస్టారూ, ఒక్క వారం చూద్దాం. పిల్లలు వాళ్లంతట వాళ్లే వచ్చి పుస్తకం అడిగితే గది మీది. లేదంటే పై సోమవారం నుంచి లెక్కల మాస్టారిది," అన్నారు. పన్నెండెకరాల మిరప రైతు. మాట సూటిగా ఉంటుంది, ఘాటు తర్వాత తెలుస్తుంది.

ఈ రకం ప్రసంగానికి మా వృత్తిలో కొన్ని పద్ధతులున్నాయి. పది పుస్తకాల పేర్లు చదవకూడదు, ఒక్కటే పట్టుకోవాలి. చదివితే మంచివాళ్లవుతారని చెప్పకూడదు. ఆ మాట వినగానే పిల్లల చెవులు షట్టర్లు దించేస్తాయి. మొదటి పేజీలో ఒక పేరా చదివి, సరిగ్గా ఉత్కంఠ దగ్గర ఆపాలి. ముప్ఫై పేజీలు చదివాక నచ్చకపోతే తిరిగి ఇచ్చేయొచ్చని హామీ ఇవ్వాలి. అన్నిటికన్నా ముఖ్యం, మాట్లాడేవాడు ఆ పుస్తకం చివరిదాకా చదివి ఉండాలి.

ఈ చివరి పద్ధతి దగ్గరే నా కథ మొదలవుతుంది.

మా పిల్లల రుచులు నాకు కంఠతా వచ్చు. మగపిల్లలకు దయ్యాలు, ఆడపిల్లలకు ప్రేమలు, అందరికీ కలిపి హత్యలు. నాకూ హత్యలే. అప్పటిదాకా శవం దొరకని నవల నేను ముప్ఫై పేజీలు దాటి చదివింది లేదు. అందుకని ప్రసంగానికి నా రుచికీ, వాళ్ల రుచికీ ఆమడ దూరంలో ఉన్న పుస్తకం ఎంచుకున్నాను. సముద్రం ఒడ్డున ఉప్పు మడులు చేసుకునే ఒక ముసలామె కథ. హత్య లేదు, దయ్యం లేదు, కనీసం ఒక పెళ్లయినా లేదు. మొదటి ఇరవై పేజీలు చదివి, బాగుందనిపించి, మిగతాది బాగుంటుందని నమ్మి, మూసి పెట్టాను.

ఆ ఉదయం ఆరువందల మంది పిల్లలు వరసల్లో నిలబడ్డారు. పత్తి తీతల రోజులు కావడంతో కొన్ని వరసలు పలచగా ఉన్నాయి. వెంకట్రామయ్య గారు వేదిక మీద కుర్చీలో చేతులు కట్టుకుని, తేమ చూడడానికి మిరపకాయను పట్టుకున్నంత అనుమానంగా నన్ను చూస్తున్నారు.

మొదలుపెట్టాను. అన్నీ పద్ధతిగానే నడిచాయి. మొదటి పేరా చదివాను, ఆపాను. కొందరు మెడలు చాచారు. అక్కడితో దిగి వచ్చి ఉంటే ఈ వ్యాసం ఉండేది కాదు. కానీ నాకు పుట్టుకతో ఒక జబ్బుంది. దేన్నయినా ఉన్నంతలో చెప్పలేను. "ఈ నవల చివరి పేజీ చదివి నేను మూడు రోజులు అన్నం ముట్టలేదు. మా ఆవిడ డాక్టర్ని పిలిపించింది," అన్నాను. పిల్లలు నవ్వారు. కరస్పాండెంటు గారి మొహం కూడా కొంచెం విచ్చుకుంది.

అప్పుడు తొమ్మిదో తరగతి వరస ముందు నుంచి ఒక చెయ్యి లేచింది. రిజ్వానా. వాళ్ల నాన్న గుంటూరు మిర్చి యార్డులో ఒక కమీషన్ కొట్టులో గుమాస్తా. టిక్కీలోంచి, అంటే మిరపకాయల బస్తాలోంచి, మచ్చు తీసి కొనేవాళ్లకు చూపించడం ఆయన పని.

"సార్, మొదటి పేజీ ఎవరైనా బాగానే రాస్తారు కదా సార్! టిక్కీలో పైన మంచి కాయలే పేరుస్తారు. మా నాన్న లోపలికి చెయ్యి పెట్టి తీస్తాడు. మీరు మధ్యలోంచి చదవండి సార్."

ఆరువందల గొంతులు ఒక్కసారి "అవున్సార్" అన్నాయి. వ్యాయామం మాస్టారు ఈల ఊదినా ఆగలేదు. వెంకట్రామయ్య గారు కుర్చీలో ముందుకు జరిగారు. "అడిగింది న్యాయమే మాస్టారూ. మచ్చు తియ్యండి," అన్నారు.

మధ్యలో ఏముందో నాకు తెలియదు. నేను చదవని పేజీల్లో ఆ ముసలామె ఉప్పు తూకాల మీద ఉపన్యాసం ఇస్తూ ఉండొచ్చు. బూతులే తిడుతూ ఉండొచ్చు. పుస్తకాన్ని రెండు చేతులా పట్టుకుని, దేవుడి మీద భారం వేసి తెరిచాను. తొంభై ఆరు, తొంభై ఏడు పేజీలు. గొంతు సవరించుకుని చదివాను.

ఆకాశం నల్లబడింది. ముసలామె కుప్ప పోసిన ఉప్పు ఆరుబయట ఉంది. పక్కనే ఇంకో కుప్ప, ఆమెతో పదకొండేళ్లుగా మాటల్లేని ఆడమనిషిది. ఆ మనిషి ఊళ్లో లేదు, బిడ్డ ఆసుపత్రిలో ఉంది. రెండు కుప్పలకూ కలిపి ఉన్నది ఒక్క టార్పాలిన్ పట్టా. మొదటి చినుకు ముసలామె చేతి మీద పడింది. ఆమె పట్టా మడత విప్పింది.

నేను తలెత్తి చూశాను. పద్దెనిమిదేళ్లలో ఆ మైదానంలో అంత నిశ్శబ్దం వినలేదు. నేను ఉప్పు గురించి చదువుతున్నాను గానీ, వాళ్లు వింటున్నది మిరపకాయల గురించి. కళ్లంలో ఆరబోసిన కాయ మీద అకాల వర్షం, ఇంటిల్లిపాదీ పట్టా పట్టుకుని పరిగెత్తడం తెలియని పిల్ల ఆ వరసల్లో ఒక్కటి లేదు. వెంకట్రామయ్య గారు కట్టుకున్న చేతులు విప్పేశారు.

ఆ ఊపులో పేజీ తిప్పాను. నూరో పేజీ వచ్చింది.

తొంభై ఎనిమిది, తొంభై తొమ్మిది లేవు. ఉన్నాయి గానీ లోపల ఉన్నాయి. అచ్చు కాగితాన్ని మడతలు పెట్టి కుట్టాక, అంచులు యంత్రంతో కోస్తారు. ఒక్కోసారి కోత తగలక రెండు ఆకులు అంచు దగ్గర అతుక్కునే వస్తాయి. అందుకే కొత్త పుస్తకం రాగానే లైబ్రేరియన్ మొదటి పని ప్రతి పేజీ తిప్పి చూడడం, అతుకులుంటే మొండి కత్తితో విడదీయడం. ఆ తర్వాతే రిజిస్టరులో వరస సంఖ్య వేసి, లోపలి పేజీలో గుర్తు ముద్ర కొట్టాలి. నేను మార్చి నెల హడావుడిలో సంఖ్య వేశాను, ముద్ర కొట్టాను, పేజీలు తిప్పలేదు. అంటే చివరి పేజీ చదివి మూడు రోజులు పస్తులున్న మనిషి తొంభై ఏడో పేజీ దాటలేదని పుస్తకమే సాక్ష్యం చెబుతోంది.

నూరో పేజీ పైనుంచి చదివి నెట్టుకురావచ్చు. ఆ ఆలోచన వచ్చిందని ఒప్పుకుంటున్నాను. కానీ రిజ్వానా మూడడుగుల దూరంలో ఉంది. మచ్చు తీసే ఇంటి కళ్లు.

"సార్, అవి అతుక్కున్నాయి. మీరు చదవలేదా సార్?"

పిల్లలు నవ్వుతారనుకున్నాను, నవ్వలేదు. అది ఇంకా ఘోరం. "లేదమ్మా, చదవలేదు. మొదటి ఇరవై పేజీలే చదివాను. అన్నం మానేశానన్నది కోత," అన్నాను.

"మరి పట్టా ఎవరి కుప్ప మీద కప్పింది?"

"నాకూ తెలియదు."

వెంకట్రామయ్య గారు లేచి నిలబడ్డారు. నా కుర్చీ ఆఫీసులోకి కాదు, ఏకంగా గేటు బయటికి వెళ్లిపోయిందనుకున్నాను. ఆయన జేబులోంచి తాళాల గుత్తి తీసి చాచారు. "దీంతో చీల్చండి. చదవండి."

ఆయన చెప్పినట్టు చేస్తే నా తప్పు మాఫీ అవుతుందని తెలుసు. చదివేస్తే ఆ పుస్తకం ఇక ఎవరికీ అక్కర్లేదనీ తెలుసు. "విరామంలో కౌంటరు దగ్గర ఇస్తానండీ. ముందు అడిగినవాళ్లకు ముందు," అన్నాను. అది నా మాటేనా అని నాకే అనుమానం వచ్చింది. గంట కొట్టారు.

విరామానికి లైబ్రరీ గుమ్మం దాకా వరస. ఆ వరసలో మొదట రిజ్వానా, ఆమె వెనకే స్కూలు యజమాని. ఆయన పిల్ల భుజం మీదుగా చెయ్యి చాచి, "నాకివ్వండి, రేపు తెచ్చిస్తా," అన్నారు. పుస్తకం అట్ట లోపలి జేబులోంచి కార్డు తీసి రిజ్వానా ముందు పెట్టి సంతకం చేయించాను. వారం గడువు తేదీ ముద్ర వేశాను. మొండి కత్తి ఆమె చేతికే ఇచ్చాను, అంచు ఎలా విడదీయాలో చూపించాను. ఆయనకు రిజర్వేషన్ చీటీ రాసిచ్చాను. ఆ చీటీని ఆయన మడిచి చొక్కా జేబులో పెట్టుకుని వెళ్లిపోయారు. నేను ఆన్‌లైన్ దరఖాస్తులు నింపడం నేర్చుకోవాలని నిశ్చయించుకున్నాను.

బుధవారం మధ్యాహ్నం ఆయన వరండాలో రిజ్వానాను ఆపి, "ఏమ్మా, ఎవరి కుప్ప మీద కప్పింది?" అని అడిగారట. "మీ వంతు వచ్చాక చదువుకోండి సార్," అందట. తర్వాత హెడ్మిస్ట్రెస్ గారు ఆ పిల్ల తరఫున క్షమాపణ చెప్పబోతే, ఆయన వద్దన్నారట. గురువారం పుస్తకం ఆయన చేతికి వెళ్లింది. ఈలోగా వరసలో మిగిలినవాళ్లు వేరే నవలలు తీసుకెళ్లారు. కౌంటరు దగ్గర ఒక్కొక్కడూ మధ్యలో తెరిచి రెండు పేజీలు చదివి, అప్పుడు కార్డు మీద సంతకం పెట్టాడు. సగం పుస్తకాలు తిరస్కరించారు. దయ్యాల కోసం వచ్చినవాళ్లలో ఐదుగురు దయ్యాల్లేని నవలలు పట్టుకెళ్లారు, ముగ్గురు మర్నాడే తిరిగిచ్చేశారు. ఆ వారం మొత్తం మీద నేను సాధించిన దిగ్విజయం ఇదే.

సోమవారం కొత్త టైంటేబుల్ అంటించారు. లైబ్రరీ పీరియడ్లు ఎనిమిది, తొమ్మిది తరగతులకు ఉన్నాయి, పదో తరగతికి లేవు. పదో తరగతి గురించి అడిగాను. "అది పరీక్షల సంవత్సరం," అన్నారు వెంకట్రామయ్య గారు. నవల గురించి మాత్రం ఒక్క ముక్క చెప్పలేదు.

ఆ రోజు నుంచి రెండు పనులు మార్చుకున్నాను. ప్రతి కొత్త పుస్తకం మొదటి ఆకు నుంచి చివరి ఆకు దాకా తిప్పి చూశాకే ముద్ర వేశాను. చివరిదాకా చదవని పుస్తకాన్ని ఎవరికీ చదవమని చెప్పలేదు, చెప్పాల్సి వస్తే ఎన్ని పేజీలు చదివానో ముందే చెప్పాను. ఇంకొకరిని రుచి మార్చుకోమని అడగాలంటే అడిగేవాడు ముందు తన రుచి మార్చుకుని ఉండాలి. అది జరగనప్పుడు ఆ సంగతి దాచకూడదు. దాచినా మధ్యలో తెరిచి చూసేవాళ్లు ఉంటారు.