ఆరూ ఇరవై బస్సు పక్కనున్న స్టార్

జంగ్లీఘాట్‌లో మాది చిన్న జెరాక్స్ షాపు. కంప్యూటర్ మీద టైపు చేసి ఇవ్వడం, ఫారాలు నింపి పెట్టడం, ఫొటోలు ప్రింటు తీయడం, అన్నీ నేనే చూసుకుంటాను. కోపం నా ముక్కు మీదే ఉంటుందని మా వీధిలో అందరికీ తెలుసు. అయినా నా దగ్గరికే వస్తారు. తిట్టినా పనిలో తప్పు చేయదని నమ్మకం కాబోలు.

ఆ రోజు మధ్యాహ్నం తుష్నాబాద్ నుంచి ఒకావిడ వచ్చింది. మా తెలుగు చర్చిలో ముఖపరిచయం. ఓడలు ఆగే ఫీనిక్స్ బే జెట్టీ దగ్గర క్యాంటీన్‌లో వంటపని దొరికిందట. ఆదివారం సెలవు, మిగతా రోజులు సాయంత్రం ఆరింటి దాకా ఉండాలి. మర్నాటికల్లా వస్తానో రానో చెప్పమన్నారు. అత్తగారు పసిపిల్లను చూస్తానని ఒప్పుకుంది గానీ ఒక షరతు పెట్టింది: ఏ రోజైనా చీకటిపడ్డాక కోడలు బస్సు దొరక్క దారిలో నిలబడే పని అయితే ఆ ఉద్యోగమే వద్దు. పెళ్లయ్యాక మొదటిసారి తన పేరున జీతం వచ్చే పని అది. చెబుతున్నప్పుడు ఆమె మొహం చూస్తే నాకే ఆశ పుట్టింది.

ఫోన్ తీసి చర్చి గ్రూపులో వచ్చిన బస్సుల బోర్డు ఫొటో చూపించింది. "దీన్ని తెలుగులో పెద్ద అక్షరాలతో కొట్టివ్వండి దీదీ. గోడకి అంటించేస్తాను. మా అత్త బైబిల్ చదివినట్టు చదువుకుంటాది" అంది.

ఫొటోను కంప్యూటర్‌లోకి ఎక్కించి, అక్షరాలు చదివే ప్రోగ్రాంకి ఇచ్చాను. క్షణంలో వరసలన్నీ టకటకా వచ్చేశాయి. సాయంత్రం తుష్నాబాద్ వెళ్లే బస్సులు ఐదూ యాభైకి ఒకటి, ఆరూ ఇరవైకి ఒకటి. ఆ తర్వాత లేవు. ఐదూ యాభై ఆమెకు అందదు, ఆరూ ఇరవై అచ్చంగా సరిపోతుంది. ఆమె అప్పుడే పర్సు తీస్తోంది.

ఆగమన్నాను. కంప్యూటర్ చదివింది కదా అని ప్రింటు కొట్టేసే అలవాటు నాకు లేదు. ఫొటోను పెద్దది చేసి, వరస పక్కన వరస పెట్టి సరిచూశాను. ఆరూ ఇరవై తర్వాత చిన్న స్టార్ గుర్తు ఉంది. ప్రోగ్రాం దాన్ని మరకనుకుని మింగేసింది. ఐదూ యాభై పక్కన మాత్రం ఇంగ్లీషు టీ అక్షరం ఒకటి తెచ్చి పెట్టింది. ఫొటోలో చూస్తే అది సన్నటి శిలువ బొమ్మ.

శిలువ చూసి ఇద్దరం నవ్వుకున్నాం. ఆ ఫొటో గ్రూపులో పెట్టినాయన మా వీధి ఆటో భయ్యా. ఆయన ఏది పంపినా కింద ఒక దేవుని వాక్యం, పక్కన ఒక శిలువ అతికించనిదే పంపడు. చేపల రేటు పంపినా అంతే. ఇదీ ఆయన అలంకారమేనని నేను ఆ టీ చెరిపేశాను.

మిగిలింది స్టార్. దాని అర్థం బోర్డు అడుగున ఉండాలి. అడుగున చూస్తే నీలం పట్టీ మీద పూలతో సహా భయ్యాగారి వాక్యం. నోట్ ఉండాల్సిన చోటంతా దాని కిందే పడిపోయింది. నాకు ఒళ్లు మండింది.

స్టార్ ఉంటే ఆదివారం నడవదనే కదా అంది ఆమె. షిప్పుల టైముల కాగితంలో ఆమె అలాగే చూసిందట. ఆ కాగితంలో అది నిజమే కావచ్చు. కానీ స్టార్‌కి సొంతంగా అర్థం ఉండదు. ఏ కాగితం మీదున్న స్టార్‌కి ఆ కాగితం అడుగున రాసిందే అర్థం. పక్కింటి తాళంచెవితో మన తలుపు తీస్తామా అన్నాను. ఆమె పర్సు మూసేసింది.

భయ్యాకు ఫోన్ చేసి, అసలు ఫొటో ఉంటే వెంటనే షాపుకి తెమ్మన్నాను. నా గొంతు విని ఎందుకని కూడా అడగలేదు, వచ్చేశాడు. అదృష్టం బాగుండి పట్టీ వేయని ఫొటో ఆయన ఫోన్‌లో ఇంకా ఉంది. గ్రూపులో చేతులు మారి మసకబారినది కాదు, తీసింది తీసినట్టుగా ఉంది. అడుగున సన్నటి అక్షరాల్లో నోట్ కనిపించింది. మొదటి వాక్యం స్టార్ గురించే. స్కూళ్లు ఉన్న రోజుల్లో మాత్రమే నడుస్తుంది.

అర్థం చెప్పాను. చెప్పడానికి నోరు రాలేదు గానీ చెప్పాను. వేసవి సెలవులు, పండగ సెలవులు, పరీక్షలయ్యాక ఖాళీలు, ఆ రోజులన్నిటా ఆరూ ఇరవై బస్సు లేదు. క్యాంటీన్‌కి మాత్రం ఆ సెలవులుండవు. ఆమె సంచి భుజానికి తగిలించుకుంది.

"పోన్లెండి దీదీ. రానని చెప్పేస్తాను. ముందే తెలిసింది, అదే మేలు" అంది.

నాకు ఏడుపొచ్చినంత పనైంది. ఏడుపు వస్తే నేను ఎవరో ఒకరిని తిడతాను. ఎదురుగా భయ్యా ఉన్నాడు. వాక్యం పెట్టుకోవయ్యా, ఎవరు వద్దన్నారు, బోర్డు మీద నోట్ మూసేసి పెట్టాలా, పైగా బస్సుల మధ్యలో శిలువ ఒకటి అని దులిపేశాను.

ఆయన అంతా విని తల గోక్కున్నాడు. "వాక్యం నేనే పెట్టాను దీదీ, మాఫ్ చెయ్యండి. శిలువ మాత్రం నాది కాదు. నేను పెడితే ఎర్రది పెడతాను, అంత చిన్నది పెడతానా?"

చటుక్కున అసలు ఫొటో మళ్లీ చూశాను. పట్టీ లేదు, పూలు లేవు, శిలువ మాత్రం ఉంది. బోర్డు మీదే, ఐదూ యాభై పక్కనే అచ్చు వేసి ఉంది. నోట్‌లో రెండో వాక్యం ముందు కూడా అదే గుర్తు. స్టార్ దగ్గరే గుండె జారిపోయి నేను ఆ రెండో వాక్యం చదవనే లేదు.

స్కూలు సెలవుల్లో ఈ బస్సు అరగంట ఆలస్యంగా బయల్దేరుతుంది. అదీ ఆ వాక్యం.

అప్పటికి ఆమె మెట్టు దిగింది. వెనక్కి పిలిచి కూర్చోబెట్టాను. స్కూళ్లు ఉంటే ఆరూ ఇరవైకి స్టార్ బస్సు ఉంది. స్కూళ్లు లేకపోతే ఐదూ యాభై బస్సు అరగంట ఆగి, అదే ఆరూ ఇరవైకి కదులుతుంది. ఆదివారం ఎలాగూ ఆమెకు పని లేదు. అంటే ఆమె పనికెళ్లే ప్రతి సాయంత్రం ఆరూ ఇరవైకి ఒక బస్సు ఉన్నట్టే. రెండుసార్లు చెప్పించుకుంది. మూడోసారి భయ్యా చెప్పాడు, తానే ఆ బస్సు వేయించినంత దర్జాగా.

అయినా ఫొటో ఎప్పటిదో అని నాకు అనుమానం. భయ్యా ఆటోలోనే ఆమెను బస్టాండుకి పంపించాను. అక్కడి టైమ్‌కీపర్, ఇప్పుడున్న బోర్డు అదేనని, సెలవుల్లో బస్సు అలాగే నడుపుతున్నామని చెప్పాడట.

వాళ్లు తిరిగి వచ్చేసరికి కాగితం సిద్ధం చేశాను. ఏ గుర్తూ పెట్టలేదు. స్కూళ్లు ఉన్న రోజులని ఒక గడి, స్కూళ్లు లేని రోజులని ఇంకో గడి, ఒక్కోదాని కింద ఆ రోజుల బస్సులు. అడుగున చూసుకోవాల్సిన పనే లేకుండా చేశాను. ఆమె వేలు పెట్టి చదువుకుంది. తర్వాత అత్తగారికి ఫోన్ చేసి, మొదటి గడి నుంచి చివరి గడి దాకా గట్టిగా చదివి వినిపించింది. అవతలి మాట మాకు వినపడలేదు. ఈవిడ మాత్రం కళ్లు తుడుచుకుని, "మరి నేను క్యాంటీన్‌కి ఎల్తాను, చెప్పాలి కదా" అంది.

భయ్యా ఇప్పుడు వాక్యం పైన పెడుతున్నాడు, కింద ఖాళీ వదులుతున్నాడు. దీదీ దెబ్బకే మారానని చర్చిలో చెప్పుకుంటున్నాడట.

వేసవి సెలవులు మొదలైన రోజు సాయంత్రం నాకు పని మీద మనసు నిలవలేదు. కాగితం నాది. తప్పైతే రోడ్డు మీద నిలబడేది ఆమె. ఆరు దాటాక గడియారం వైపే చూస్తూ కూర్చున్నాను, వచ్చినవాళ్లను రేపు రమ్మన్నాను. అంతలో ఫోన్ మోగింది. వెనకాల బస్సు ఇంజిన్ చప్పుడు, కండక్టర్ కేక.

"దీదీ, శిలువ బస్సు ఎక్కేశాను. సీటు కూడా దొరికింది" అంది.