కుడి కంటి వాలు

ఫోటో స్టూడియోలో అందరూ ‘టచప్ అక్క’ అని పిలిచే ఆమె, ఎన్నడూ కాటుకైనా పెట్టుకోని రిటైర్డ్ నర్సు ఫోటోకు కంప్యూటర్‌లో ఐలైనర్ దిద్దింది. ఎడమ కంటి గీతనే తిప్పి కుడి కంటికి అతికించింది.

“ఎవరమ్మా ఈ మహాతల్లి? ఒక్కసారి నన్ను నేను ముస్తాబులో చూసుకుందామనుకుంటే!” పక్కనే కూర్చుని తెర చూస్తున్న నర్సు ముఖం చిన్నబోయింది.

కుడి రెప్ప కాస్త వాలి ఉందని అక్క అప్పుడు గమనించింది. అతికించిన గీత చెరిపేసి, ఆ వాలు వెంటే, వెంట్రుకల మొదళ్లను ఆనుకుని, లోపలి కొసన సన్నగా, బయటి కొసకు మందంగా కొత్తది గీసింది. రెప్పవెంట్రుకలు ఒక్కొక్కటే బయటికి విచ్చుకున్నాయి. చెంపలపై గులాబీ రంగు పొగమంచులా పరుచుకుంది.

తెరలో ఎవరో కలలోంచి కళ్లు తెరిచినట్టుంది. నర్సు తెర దగ్గరికి వంగింది.

“నేనేనే! ఎంత సోకు చేసుకున్నా ఆ వాలు కన్ను పట్టిచ్చేసింది,” అంది.