పన్నెండున్నర వడ్డీ, పంతొమ్మిది చీరలు

మొన్న పేపరు మడతలోంచి ఒక కరపత్రం జారిపడింది. సర్జాపుర రోడ్డులో ఫ్లాటు కొనండి, మీ డిపాజిట్ కదపకండి, మా అప్పు తీసుకోండి అని రంగుల్లో అచ్చేశారు. పైన డిపాజిట్ మీద వచ్చే ‘వార్షిక రాబడి’ ఎంతో బండ అక్షరాల్లో ఉంది. దాని పక్కనే అప్పు మీద ‘వార్షిక రేటు’. రెండు అంకెలూ ఇంచుమించు సమానం. చూశారా, మీకు ఖర్చే లేదు అని వాటి కింద ఒక నవ్వు మొహం బొమ్మ. ఆ నవ్వు మొహాన్ని నేను ఎరుగుదును. పదేళ్ల కిందట మేముండే కాటన్‌పేటలో అది ప్యాంటూ చొక్కా వేసుకుని, మా అక్క కుట్టుమిషను పక్కన స్టూలు మీద కూర్చుని కాఫీ తాగి పోయింది.

నేను చదివింది ఐదో తరగతి. తక్కినదంతా అవెన్యూ రోడ్డు ఫుట్‌పాత్ మీద రూపాయికీ రెండు రూపాయలకూ కొన్న అట్టలేని పుస్తకాల్లోంచి నేర్చుకున్నాను. కాటన్‌పేట నూలు కొట్టులో ముప్పై ఏళ్లు లెక్కలు రాశాను. ఇంట్లో ఎవరికి ఏ వడ్డీ లెక్క కావాలన్నా నా దగ్గరికే వచ్చేవాళ్లు. ఆ పొగరు నాకు ఉండేది. ఇప్పుడు రాస్తున్న కోపంలో సగం దాని మీదే.

మా పేటలో వడ్డీ అంటే నూటికి నెలకు ఎంత అనే. రూపాయి వడ్డీ, రూపాయిన్నర వడ్డీ, రెండు రూపాయల వడ్డీ. ఏడాదికి ఎంతని ఎవరైనా అడిగితే పన్నెండుతో గుణించి చెప్పేస్తాం. అందులో తప్పేమీ లేదు, ఎందుకంటే పేటలో ఒకటో తేదీకి వడ్డీ చేతిలో పెట్టాల్సిందే. పెట్టిన వడ్డీ మళ్లీ వడ్డీ పుట్టించదు. ఆ అలవాటు నా వేళ్లలో ఇంకిపోయింది. ఏ అంకె కనబడినా వేళ్లు పన్నెండుతో గుణించేవి.

మా అక్క చీరలకు ఫాల్స్ కుట్టి, అంచులు జిగ్‌జాగ్ చేసేది. ఇరవై ఏళ్లు ఇంటి అరుగు మీదే కుట్టి, వడ్డీతో కలిపి ఒక లక్ష కూడబెట్టింది. అది ఒక ఫైనాన్సు కంపెనీలో ఏడాది డిపాజిట్‌గా ఉండేది. గడువు తీరే నెలలోనే సందు మొదట్లో ఒక చిన్న కొట్టు ఖాళీ అయింది. యజమాని అద్దె అడ్వాన్సు లక్షా మూడు వేలు అడిగాడు. డెబ్బై ఐదు వేలు ఇప్పుడు, ఏడాది తిరిగేసరికి ఇరవై ఎనిమిది వేలు. రెండో కిస్తీ తప్పితే కొట్టు ఖాళీ చేయాలని కాగితం రాయించుకున్నాడు.

లెక్క తేలికే. లక్షలోంచి డెబ్బై ఐదు తీసి యజమానికి ఇస్తే, మిగిలిన పాతిక వేలు మళ్లీ డిపాజిట్‌లో పడితే, ఏడాదికి ఇరవై ఎనిమిది వేల నూట ముప్పై ఎనిమిది అవుతుంది. కిస్తీ కట్టగా నూట ముప్పై ఎనిమిది మిగులు. అక్క కూడా అదే అనుకుంది. అప్పుడే వచ్చాడు కంపెనీ ఏజెంటు. మా పేటవాడే, మా మాటే.

“అక్కా, లక్ష పగలగొడ్తావా? ఇరవై ఏండ్ల కష్టం గదక్కా!”

“ఏం చేసేదప్పా, కొట్టు కావాల గదా.”

“లక్ష అట్లే ఉండనీ. దాన్నే కుదవ పెట్టి మా దగ్గరే డెబ్బై ఐదు తీసుకో. డిపాజిట్‌కి నీకు ఏడాదికి నూటికి పన్నెండు రూపాయల యాభై ఐదు పైసలు వస్తాది. అప్పుకి మేము తీసుకునేది పన్నెండున్నరే. మా దుడ్డుతో నువ్వు కొట్టు పెట్టి, పైన నూటికి ఐదు పైసలు మిగిలించుకుంటావు. మార్వాడీ కూడా ఇట్లా ఇయ్యడు!”

అక్క నా వైపు చూసింది. “నువ్వు చెప్పురా. నాకు వీని మాట అక్కర్లేదు, నీ లెక్క కావాల.”

నేను కాగితం తీసుకుని లెక్క వేశాను. డిపాజిట్ రసీదు మీద లక్షకు ఏడాది తర్వాత వచ్చే మొత్తం అచ్చయి ఉంది, లక్షా పన్నెండు వేల ఐదు వందల యాభై ఒకటి. అంటే నూటికి పన్నెండు యాభై ఐదు, నిజమే. అప్పు కాగితంలో నెలకు రూపాయీ నాలుగు పైసల చిల్లర. పన్నెండుతో గుణించాను. పన్నెండున్నర. డెబ్బై ఐదు వేల మీద తొమ్మిది వేల మూడు వందల డెబ్బై ఐదు. అసలుతో కలిపి డిపాజిట్‌లోంచి తీసేస్తే ఏడాది చివర ఇరవై ఎనిమిది వేల నూట డెబ్బై ఆరు మిగలాలి. సొంత డబ్బు వాడుకున్న దానికంటే ముప్పై ఎనిమిది రూపాయలు ఎక్కువ.

“సరిగానే ఉండాదక్కా” అన్నాను.

ఆ మాట నేనే అన్నాను. అక్క సంతకం పెట్టింది. ప్రాసెసింగ్ చార్జీ అని ఏడు వందల యాభై కోసుకుని ఇచ్చారు. అక్క ఆ లోటు తన గల్లాపెట్టెలోంచి పూడ్చింది. అది ఎప్పుడూ ఉండే ఖర్చేలే అనుకున్నాం. నెలనెలా వడ్డీ కట్టక్కర్లేదు, చివర్లో డిపాజిట్‌లోంచి పట్టుకుంటామన్నారు. దాన్ని వాళ్ల ఔదార్యం అనుకున్నాను. ఇప్పటికీ తలచుకుంటే పళ్లు నూరుకుంటాను.

కొట్టు బాగానే నడిచింది, కానీ వచ్చింది వచ్చినట్టే అద్దెకూ ఇంటికీ సరిపోయింది. ఏడాది తిరిగింది. కిస్తీకి ఇంకా రెండు రోజులు ఉందనగా ఇద్దరం కంపెనీ ఆఫీసుకు వెళ్లాం. కౌంటరు వెనక గుమాస్తా ఒక చీటీ తోశాడు. చేతికి వచ్చేది ఇరవై ఏడు వేల ఆరు వందల ఇరవై.

“ఇరవై ఎనిమిది వేల నూట డెబ్బై ఆరు కదా?” అన్నాను.

“కాదు సార్. కంప్యూటర్ లెక్క.”

“కంప్యూటర్‌కి తండ్రి ఎవరయ్యా? లెక్క చూపించు.”

ఎంతసేపో గొణిగి ఒక పొడుగు కాగితం తీసి ఇచ్చాడు. మొదటి నెల వడ్డీ ఏడు వందల ఎనభై ఒకటి ఇరవై ఐదు. అది కట్టలేదు కాబట్టి అసలులో కలిపారు. రెండో నెల వడ్డీ ఆ మొత్తం మీద, ఏడు వందల ఎనభై తొమ్మిది. మూడో నెల ఇంకా ఎక్కువ. పన్నెండు నెలలకు అప్పు ఎనభై నాలుగు వేల తొమ్మిది వందల ముప్పై ఒకటి. నూటికి పడింది పన్నెండున్నర కాదు, పదమూడు రూపాయల ఇరవై నాలుగు పైసలు.

అక్కడే, ఆ బెంచీ మీద నా తప్పు నాకు కనబడింది. డిపాజిట్ అసలు రేటు పన్నెండే. మూడు నెలలకోసారి వడ్డీని అసలులో కలుపుతారు. నూరు నూట మూడవుతుంది, ఆ మూడు మీద కూడా వడ్డీ పుడుతుంది, నాలుగు విడతలకు పన్నెండు యాభై ఐదు. ఏజెంటు చెప్పింది వడ్డీ మీద వడ్డీ కలిపిన రాబడి. అప్పుకు చెప్పింది మాత్రం వడ్డీ మీద వడ్డీ కలపని ఉత్త రేటు. ఒకదాన్ని వండి తూచాడు, ఇంకోదాన్ని పచ్చిగా తూచాడు. బియ్యాన్నీ అన్నాన్నీ ఒకే తక్కెడలో పెట్టి చూడు సమానం అన్నాడు. పచ్చిగానే తూచి ఉంటే పన్నెండుకు పన్నెండున్నర, అర్ధ రూపాయి నష్టం. వండి తూచినా పన్నెండు యాభై ఐదుకు పదమూడు ఇరవై నాలుగు, అరవై తొమ్మిది పైసల నష్టం. ఎట్లా తూచినా నష్టమే. అడ్డదిడ్డంగా తూస్తేనే లాభం. పైన ఆ ఏడు వందల యాభై. నూటికి తొంభై తొమ్మిదే చేతికిచ్చి నూట పదమూడు ఇరవై నాలుగు పట్టుకున్నారు. అసలు ఖర్చు పద్నాలుగు దాటింది. ఆ చార్జీ కూడా కలపకుండా ఏడాది రేటు అని చెప్పడం ఏ ఊరి న్యాయం?

నేను అరిచాను. మేనేజరు గది తలుపు తెరుచుకుంది. ఏజెంటు ఎక్కడినుంచో ఊడిపడ్డాడు, అదే నవ్వు.

“ఏమప్పా పెద్దాయనా, యాల కేకలు? నేనేమన్నా అబద్ధం చెప్తినా? డిపాజిట్‌కి పన్నెండు రూపాయల యాభై ఐదు పైసలు వచ్చిందా లేదా? అప్పు రేటు కాగితంలో ఉండేదేనా కాదా? నువ్వే గదా లెక్కేసి సరిగా ఉండాది అంటివి!”

రెండు అంకెలూ నిజమే. అదే నా మంట. అబద్ధం చెబితే చొక్కా పట్టుకోవచ్చు. రెండు నిజాలను పక్కపక్కన నిలబెట్టి మోసం చేసేవాణ్ని ఏం పట్టుకుంటాం?

వాడు అక్క వైపు తిరిగాడు. “అక్కా, బేజారు చేసుకోవద్దు. రెండూ ఇంకో ఏడాదికి తిరగరాస్తాం. నీకు కావలసిన ఇరవై ఎనిమిది వేలూ అప్పులోనే కలిపేస్తా. ఈ పొద్దే చెక్కు. చార్జీ స్వల్పమే.”

కిస్తీకి రెండు రోజులు. తక్కువ పడింది మూడు వందల ఎనభై. అక్క రాసేస్తుందేమోనని నాకు భయం వేసింది. అట్లా రాస్తే అప్పు డిపాజిట్‌ను ఆ పొద్దే దాటిపోతుంది. నేను జేబులో చెయ్యి పెట్టాను.

“తియ్యి చెయ్యి” అంది అక్క నాతో. తర్వాత వాడితో అంది: “ఏమప్పా, నాకు రేటూ గీటూ తెలీదు. నూరు రూపాయలు నీ దగ్గర పెడితే ఏడాది కడాన నా చేతికి ఎంత? నూరు రూపాయలు నీ దగ్గర తీసుకుంటే, నీ చార్జీతో చేర్చి, ఏడాది కడాన నేను నీకిచ్చేది ఎంత? రెండూ ఒకే కాగితం మీద రాసి సంతకం పెట్టు. అప్పుడు తిరగరాస్తా.”

వాడు నవ్వాడు. “అట్లా రాసే ఫారం లేదక్కా.”

“లేదు గదా? అయితే లెక్క మూసెయ్.”

ఇరవై ఏడు వేల ఆరు వందల ఇరవై లెక్కపెట్టుకుని బయటికి వచ్చాం. మెట్ల మీదే నేను మూడు వందల ఎనభై తీసి చాచాను. అక్క చూడనైనా చూడలేదు.

“నీ దుడ్డు నాకెందుకురా? నేను అడిగింది లెక్క. అది తప్పిచ్చినావు. చీరకి ఇరవై రూపాయలు కూలి. పంతొమ్మిది చీరలు కుట్టాల. వచ్చి కూచో.”

ఆ రోజూ మర్నాడూ నూలు కొట్టుకు సెలవు పెట్టి అక్క కొట్టులో కూర్చున్నాను. ఫాల్స్ గుడ్డలు తడపడం, ఆరేయడం, ఇస్త్రీ చేయడం నా పని. వచ్చిన ఆడవాళ్లందరికీ అక్క నన్ను చూపించి, “మా తమ్ముడు, పెద్ద లెక్కాచారి” అని పరిచయం చేసింది. పన్నెండో చీర దగ్గర వేలు కాల్చుకున్నాను. “పన్నెండుతో గుణించు, తగ్గిపోతాది” అంది.

మర్నాడు సాయంకాలం పంతొమ్మిదో చీర మడతపెట్టి ఇచ్చి, ఇరవై రూపాయలు తీసుకుని, గల్లాపెట్టెలో ఉన్న మూడు వందల అరవైకి కలిపింది. యజమాని వచ్చేసరికి ఇరవై ఎనిమిది వేలు రబ్బరు బ్యాండు వేసి బల్ల మీద ఉన్నాయి. కొట్టు అక్కకు నిలిచింది. కూడబెట్టిన లక్షా మాత్రం ఆ అడ్వాన్సులోకే పోయింది, అది కదలకుండా ఉంటుందన్న మాట గాలికి పోయింది.

మొన్నటి కరపత్రాన్ని అక్క దగ్గరికి తీసుకువెళ్లాను. ఇప్పుడు కళ్లు సరిగా కనబడవు, చదివి వినిపించమంది. డిపాజిట్ రాబడి చదివాను, అప్పు రేటు చదివాను.

“ఏది వండింది, ఏది పచ్చిది?” అని నా పాత మాటతోనే అడిగింది.

చెప్పాను. అయితే దాన్ని బల్ల మాడకుండా ఇస్త్రీపెట్టె కింద వేయమంది.