మార్పు చీటీ మీద సంతకం

తెలంగాణ రాష్ట్రం రావడానికి ఏడాది ముందు గోదావరిఖని చౌరస్తా దగ్గర నాకొక చిన్న దుకాణం ఉండేది. పెండ్లి ఆహ్వానాలు, దసరా, బతుకమ్మ శుభాకాంక్షలు కంప్యూటర్ మీద తయారుచేసి ఇచ్చేవాణ్ణి. ఊళ్లో పంచడానికి అచ్చు కార్డులు ఎటూ ఉండేవి. దూరపు చుట్టాలకు ఫోన్లో పంపడానికి ఒక బొమ్మ కార్డు, పాటతో కలిపి రెండు నిమిషాల వీడియో కావాలని జనం అడగడం అప్పుడప్పుడే మొదలైంది.

మా నాన్న గనిలో బొగ్గు నింపిన మనిషి. మా ఇంట్లో డిగ్రీ పట్టా అందుకున్న మొదటివాణ్ణి నేను. నోటిమాట మీద నడిచే బతుకును మా ఇంట్లో చాలాకాలం చూశాను కనుక, నా దుకాణంలో ప్రతిదీ కాగితం మీద ఉండాలని నిశ్చయించుకున్నాను. గోడకు నియమాలు అంటించాను. నమూనా చూపించాక రెండుసార్లు దిద్దుబాట్లు ఉచితం. ఖాయం చేశాక మార్పు అడిగితే వేరుగా రుసుము. అదేరోజు కావాలంటే దాని మీద సగం అదనం. మార్పు ఏదైనా ఆర్డర్ ఇచ్చిన మనిషే వచ్చి, చీటీ చదివించుకుని, సంతకం చేయాలి.

చివరి నియమానికి కారణం ఉంది. ఒక పెండ్లికి అన్న వచ్చి మేనమామ పేరు పైకి జరిపించాడు, తమ్ముడు వచ్చి కిందికి దించాడు. చివరికి ఇద్దరూ కలిసి నన్ను తిట్టారు. నలుగురు నాలుగు మాటలు చెప్పే చోట ఒక్కరి సంతకమే చెల్లాలని ఆనాడు అనుకున్నాను. అది న్యాయమైన నియమమని ఇప్పటికీ వాదించగలను.

ఆమె మొదటి షిఫ్టు దిగి నేరుగా వచ్చింది. భర్త పోయాక వచ్చిన ఉద్యోగంలో, గని మీద, లోపలికి దిగేవాళ్లకు దీపాలిచ్చే లాంపు రూములో పనిచేసేది. బిడ్డ పెండ్లికి ఆహ్వాన వీడియో కావాలన్నది. మడతపెట్టిన కాగితంలో వివరాలు బిడ్డే రాసి ఇచ్చింది. ఆహ్వానించువారు అన్న చోట ముందుగా తల్లి పేరు ఉంది.

"నా పేరు కనవడేటట్టు పెట్టు బిడ్డా," అన్నది. "పదకొండేండ్ల సంది డ్యూటీ చేసి సాదిన. పిలిచేది నేనే గదా."

ఫోటో కావాలన్నాను. గుర్తింపు కార్డు కోసం దిగిన చిన్న ఫోటో ఇచ్చింది. దాన్ని స్కాన్ చేసి, మొహం మీది మచ్చలు తుడిచి, వెనుక లేత పసుపు రంగు వేశాను. వినాయకుడి తరువాత, వధూవరుల పేర్లకు ముందు, ఐదు సెకండ్ల పాటు ఆమె చిత్రం, కింద ఆమె పేరు వచ్చేలా అమర్చాను. మూడోనాడు చూసి, ఖాయం చేస్తూ సంతకం పెట్టింది. ఫైలు చిన్నదిగా చేసి బ్లూటూత్‌తో ఆమె ఫోన్లోకి పంపాను. అక్కడే నిలబడి నాలుగుసార్లు చూసింది.

ఆ వీడియోను ఆమె లాంపు రూములో తోటి ఆడవాళ్లకు చూపించింది. గని మీద చూసింది కార్మికుల కాలనీకి చేరకుండా ఉండదు. మరునాడు మధ్యాహ్నం ఆమె మరిది, పెండ్లికొడుకు మేనమామను వెంటబెట్టుకుని దుకాణానికి వచ్చాడు. అప్పటికి నలుగురైదుగురు గిరాకీలు కూర్చుని ఉన్నారు.

"ఏంది తమ్మీ, చదువుకున్నోనివేనా?" అన్నాడు మరిది. "మొగడు లేనామె మొకం శుభకార్యం ముంగట ఎట్ల వెడ్తవు? పీటల మీద కూసునేది నేను, నా భార్య. మా పేర్లు వెయ్యి, మా ఫోటో వెయ్యి. ఆమెది తీసెయ్యి. పొద్దుగూకేవరకు గావాలె."

ఆర్డర్ ఆమెది, ఆమె సంతకం లేనిదే ఒక్క అక్షరం కదపలేనని చెప్పాను. గోడ మీది కాగితం చూపించాను. ఆ క్షణంలో నా నియమం ఆమెకు అండగా నిలిచిందని నాకు గర్వం కలిగిన మాట నిజం.

"గంతేనా?" అని నవ్వి అతను ఫోన్ తీశాడు. "వదినా, షిఫ్టు దిగంగనే ఇటు రా. నీ సంతకం లేకుంటే పని గాదంటున్నడు సారు."

డ్యూటీ బట్టలతోనే వచ్చింది. ఎవరూ కూర్చోమనలేదు. నేను మార్పు చీటీ తీసి నా అలవాటు ప్రకారం స్పష్టంగా రాశాను: ఆహ్వానించువారిలో తల్లి పేరు, చిత్రం తొలగించాలి. రాసినదాన్ని సంతకానికి ముందు చదివి వినిపించాలన్నది కూడా నియమమే. అందరి ముందు చదివాను.

"మొత్తం తీసుడెందుకు?" అన్నది ఆమె. "ఆఖరుకు, చిన్నగ పెట్టరాదు?"

"ఏ మూలకు వెట్టినా మొకం మొకమే గద వదినా," అన్నాడు మరిది. బెంచీ మీద ఎవరో నవ్వారు. "పోనీ, వంట కాడ నీ ఫ్లెక్సీ కట్టిస్త తియ్యి."

"మాకైతే ఏం లేదు చెల్లె," అన్నాడు మేనమామ, నేలవైపు చూస్తూ. "నలుగురు నాలుగు మాటలంటరని. పిల్ల రేపు మా ఇంట్ల బతకాలె."

ఆ మాటతో ఆమె కలం తీసుకుంది. ఒక్కో అక్షరం నొక్కిపెట్టి తన పేరు రాసింది, తన పేరు తీసేయడానికి.

మార్పు రుసుము, అదేరోజుకు అదనం కలిపి చెప్పాను. మరిది గోడవైపు వేలు చూపించాడు. "ఆర్డర్ ఎవలదో వాళ్లే గద అన్ని జేసుడు? నీ కాయిదమే చెప్తున్నది." ఆమె కొంగు ముడి విప్పింది. నేను తగ్గించవచ్చు. తీసుకోకపోవచ్చు కూడా. తీసుకుని రసీదు రాసి ఇచ్చాను.

ఆమె చిత్రం తీసేయగానే వెనుక ఉన్నవన్నీ ఐదు సెకండ్లు ముందుకు జరిగి, పాటకు పేర్లకు పొంతన తప్పింది. మరిది దంపతుల ఫోటోను ఆ ఖాళీలో పెట్టాక సరిపోయింది. వీడియో మళ్లీ తయారవడానికి గంట పట్టింది. ఆ గంటా ఆమె నా కుర్చీ వెనుక నిలబడే ఉంది. తెర మీద తన మరిది, తోటికోడలు తన బిడ్డ పెండ్లికి రమ్మని పిలవడం చూసింది.

"మంచిగున్నది," అన్నది. ఆ తరువాత మెల్లగా, "బిడ్డా, ముందటిది నా ఫోన్ల ఉండనియ్యి. ఎవలకు పంప. నేనే సూసుకుంట," అన్నది.

మరిది విన్నాడు. "ఉంటె ఆగుతదా? రేపు లాంపు రూముల నుంచి పిలగానోళ్ల ఊరిదాక పోతది. ఆమెను తీసెయ్యుమను తమ్మీ."

పాత ప్రతి బయట ఉంటే చుట్టాలకు రెండు రకాల ఆహ్వానాలు వెళ్తాయి, అప్పుడు అందరూ దుకాణాన్నే అంటారు. ఆమెకు నేను చెప్పింది ఆ మాటే, ఆ మర్యాదైన భాషలోనే. కంప్యూటర్లోని ప్రతిని మొదట తుడిచేశాను.

ఆమె కొంగుతో ఫోన్ అద్దం తుడిచి నా ముందుకు చాపింది.

"ఎట్ల తియ్యాల్నో నాకు తెల్వది బిడ్డా. నువ్వే తియ్యి."

ఫైలును వెతికి పట్టుకున్నాను. నిజంగా తీసేయాలా అని ఫోన్ ఒకసారి అడిగింది. ఆ ప్రశ్న ఆమెకు చదివి వినిపించకుండా, అవునని నొక్కాను.