మండితేనే పని చేస్తున్నట్టు

శ్రీరాంపూర్ కాలనీలో రెబెకా పార్లర్ మెట్లెక్కని పెళ్లికూతురు అరుదు. ఎవరికైనా జుట్టుకు రంగు వేయాలంటే రెండు రోజుల ముందే చెవి వెనక చుక్క పెట్టి, పడుతుందో లేదో చూసేది. అంత జాగ్రత్త మనిషి. పెదవులకు పూసే దానికి పరీక్షేమిటి అనుకుంది చూడండి, అక్కడే కొంప మునిగింది.

మహిమ ఆమె అక్క కూతురు. అక్క పోయేనాటికి పిల్లకు ఆరేళ్లు. అప్పటి నుంచి జడ వేసింది, అన్నం పెట్టింది, బడికి పంపింది రెబెకాయే. ఆ పిల్ల పెళ్లినాడు తన చేతిపని అంతా చూపించాలనుకుంది, పాపం. మహిమవి సన్నటి పెదవులు. పైగా చలికాలం, పగిలి ఉన్నాయి. పెదవులు నిండుగా కనబడతాయని కొత్త లిప్ గ్లాస్ తెప్పించింది. డబ్బా మీద మెంథాల్, మిరప నూనె అని రాసే ఉంది.

పూయగానే చల్లగా తగిలి, ఆ వెంటనే చురచురలాడింది.

"చిన్నమ్మా, మండుతున్నది."

"మండితేనే పని చేస్తున్నట్టు బిడ్డా. జరసేపు ఓర్సుకో."

ముఖానికి బ్లీచ్ పెట్టేటప్పుడు ఇరవై ఏళ్లుగా అందరికీ చెబుతున్న మాటే.

నిజంగానే పెదవులు ఎర్రబడి, ఉబ్బి, నిండుగా వచ్చాయి. అద్దంలో అక్కే నవ్వినట్టుంటే రెబెకా కళ్లనీళ్లు ఆగలేదు. గంటకల్లా ఉబ్బు దిగింది. మళ్లీ పూసింది. చర్చి మెట్ల దగ్గర మూడోసారి పూసింది. మహిమ ఇక ఏమీ అనలేదు.

పాస్టరు ప్రమాణం చెప్పించే వేళకు పెదవుల చుట్టూ కందిపోయి, పగుళ్ల నుంచి రసి కారుతోంది. పిల్ల నోరు తెరవలేక మాటలు మింగింది. పెళ్లి ఫోటోలన్నింటిలో నోటికి చేతిరుమాలే అడ్డం.

మంచిర్యాలలో చర్మం డాక్టరు కోప్పడ్డాడు. "మంట పుట్టించుడే దాని పని అమ్మా. చర్మాన్ని రెచ్చగొడితే రక్తం చేరి పెదవి ఉబ్బుతది, కొద్దిసేపే. పగిలిన పెదవికి అసలు పెట్టొద్దు. ఎక్కువ మండితే అప్పుడే తుడిచి కడగాలె."

రెండు వారాలకు పుండ్లు మానాయి. పెదవుల అంచున నల్లటి మరక మాత్రం ఇంకా పోలేదు. అత్తగారింటి నుంచి చూడవచ్చిన మహిమను రెబెకా ఏడుస్తూ అడిగింది.

"గంత మండుతుంటే మల్లొకసారి ఎందుకు చెప్పలేదే?"

"ఒకసారి చెప్పిన గద చిన్నమ్మా. ఓర్సుకోమన్నవ్. నువ్వు గంత సంబురపడుతుంటే ఎట్ల తుడుసుకుంట?"

రెబెకాకు పాత రోజులు గుర్తొచ్చాయి. ఆరేళ్లప్పుడు చిక్కు తీస్తుంటే ఏడ్చిన పిల్లకు కూడా తను చెప్పింది అదే మాట. తల్లిలేని పిల్లకు ఓర్చుకోవడం నేర్పింది తనే.